1,46,000 బిల్లు బాకీకి లీగల్ నోటీసులో ఏం రాయాలి, ఎంత గడువు ఇవ్వాలి

ప్రశ్న: విజయవాడలో మాకు చిన్న ప్రింటింగ్ యూనిట్ ఉంది. హైదరాబాద్‌లో పచ్చళ్ళ వ్యాపారం చేసే ఒకాయనకి జూలైలో అట్టపెట్టెలు ప్రింట్ చేసి పంపాం. బిల్లు 1,86,000. అడ్వాన్స్ 40,000 ఇచ్చారు, మిగతాదానికి 30 రోజులు టైమ్ అడిగారు. ఆగస్టు, సెప్టెంబరు అంతా "వచ్చే వారం వేస్తాను" అన్నారు, అక్టోబరులో రంగు సరిగ్గా రాలేదని మొదలుపెట్టారు. వెంటనే కట్టేస్తే పదివేలు తగ్గిస్తానని కూడా వాట్సాప్‌లో అన్నాను. ఇప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. మాకు చిన్న పరిశ్రమగా ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది. గట్టిగా ఒక నోటీసు ఇవ్వాలి. ఏం రాయాలి, కట్టడానికి ఎంత గడువు ఇవ్వాలి?

జవాబు:

నా దగ్గరకు వచ్చేవాళ్ళందరూ ముందు అనే మాట ఇదే, "సార్, గట్టిగా రాయండి". గట్టిగా రాసిన నోటీసులు నేను చాలా చూశాను. సగం పేజీ తిట్లు, "మీపై 420 కేసు పెట్టి జైలుకు పంపబడును" అనే ఒక వాక్యం, మానసిక క్షోభకు 5 లక్షలు, చివర్లో ఎప్పుడో అసలు బాకీ ఎంతో. అలాంటిది అందుకున్న మనిషి నవ్వి పక్కన పడేస్తాడు, లేదా తన లాయరుకిచ్చి రెట్టింపు తిట్లతో జవాబు ఇప్పిస్తాడు. అయినా మీకు రావాల్సింది బిల్లు డబ్బు, అది సివిల్ బాకీ. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే సరుకు తీసుకున్నాడని చూపించలేనప్పుడు చీటింగ్ కేసు నిలబడదు, డబ్బు వసూలుకి క్రిమినల్ కేసులు వాడుకోవడాన్ని సుప్రీంకోర్టు చాలాసార్లు తప్పుపట్టింది కూడా. కాబట్టి ఆ బెదిరింపు రాయకండి.

మీ నోటీసును పచ్చళ్ళాయన ఒకసారి చదివి ఊరుకుంటాడు, ఆ తర్వాత అది ఆయన ఆడిటరు చేతికి వెళ్తుంది. నేను నోటీసు రాసేటప్పుడు ఆ ఆడిటర్ని మనసులో పెట్టుకుని రాస్తాను. ఆయన చదివి "ఇది కట్టేయండి సార్, లేకపోతే మనకే ఎక్కువ పడుతుంది" అనాలి. దానికి కోపం అక్కర్లేదు, తేదీలు కావాలి, ప్రతి తేదీ వెనకా ఒక కాగితం కావాలి.

నోటీసు ఎవరి పేరు మీద పంపాలో ముందు తేల్చుకోండి. బోర్డు మీద ఉన్న పేరు చాలదు. జీఎస్టీ పోర్టల్‌లో ఆయన జీఎస్టీ నంబరు కొట్టి చూడండి, లాగిన్ కూడా అవసరం లేదు, లీగల్ పేరు, ట్రేడ్ పేరు, వ్యాపారం ఏ రకం అనేది వచ్చేస్తాయి. ప్రొప్రైటర్‌షిప్ అయితే నోటీసు ఆ మనిషి పేరుకే, "ఫలానా ఫుడ్స్ ప్రొప్రైటరు శ్రీ ఫలానా" అని. భాగస్వామ్య సంస్థ అయితే సంస్థ పేరు, భాగస్వాముల పేర్లు రెండూ వేయాలి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కంపెనీ పేరుకే. డైరెక్టరు విడిగా హామీ రాసివ్వకపోతే కంపెనీ బాకీకి సాధారణంగా ఆయన సొంత ఆస్తి మీదకు వెళ్ళలేరు. ఇక్కడ తప్పు పడితే తర్వాత దావాలోనూ అదే తప్పు కొనసాగుతుంది, అందుకే ఇంతసేపు చెప్తున్నాను.

ఇప్పుడు జరిగిన విషయం. మీ అసలు తేదీలు నాకు తెలియవు కాబట్టి నేను కొన్ని వేసి రాస్తున్నాను, వాటి స్థానంలో మీవి పెట్టుకోండి. నోటీసు నవంబరు 18న పంపుతున్నారనుకుందాం.

"2025 జూన్ 24న మీరు ఈమెయిల్ ద్వారా ఇచ్చిన ఆర్డరు ప్రకారం 6,000 ముద్రిత అట్టపెట్టెలు తయారుచేసి ఇచ్చేందుకు అంగీకరించాము. అదే రోజు 40,000 రూపాయలు అడ్వాన్సుగా మా బ్యాంకు ఖాతాకు పంపారు. సరుకు అందిన 30 రోజుల్లో మిగతా మొత్తం చెల్లిస్తామని అదే ఈమెయిల్‌లో రాశారు.

2025 జూలై 2న రంగు ప్రూఫ్‌ను మీకు వాట్సాప్ ద్వారా పంపగా, 'ఓకే, ప్రింట్ చేసేయండి' అని అదే రోజు ఆమోదం తెలిపారు.

2025 జూలై 17 తేదీ గల ఇన్‌వాయిస్ నంబరు ఫలానా కింద, ఈ-వే బిల్లు నంబరు ఫలానాతో పంపిన 6,000 పెట్టెలు 2025 జూలై 18న మీ గోడౌనులో అందినట్లు మీ సిబ్బంది డెలివరీ చలానా మీద సంతకం చేసి స్టాంపు వేశారు. ఇన్‌వాయిస్ మొత్తం జీఎస్టీతో కలిపి 1,86,000 రూపాయలు. అడ్వాన్సు పోను రావలసిన 1,46,000 రూపాయలను 2025 ఆగస్టు 17 నాటికి మీరు చెల్లించవలసి ఉంది. నేటివరకు చెల్లించలేదు."

చూశారా, ఇందులో "మీ మాట నమ్మి", "ఎంతో కష్టపడి" లాంటి మాట ఒక్కటీ లేదు. ప్రతి వాక్యానికీ ఒక అనుబంధం ఉంది: ఈమెయిల్ ప్రింటు, బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ స్క్రీన్‌షాట్, ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, సంతకం పెట్టిన చలానా. కాగితం లేని వాక్యాన్ని తీసేయండి. ఫోన్లో అన్నమాట ఏదైనా రాయాలనిపిస్తే, దాన్ని రుజువు చేసే మెసేజ్ ఉందా అని చూసుకోండి. రేపు దావా వేయాల్సి వస్తే మీ లాయరు ప్లెయింటులో ఇవే పేరాలు దాదాపు యథాతథంగా వేస్తారు, అప్పుడు నోటీసులో ఒక అంకె, దావాలో ఇంకో అంకె ఉంటే అవతలి లాయరు మిమ్మల్ని బోనులో నిలబెట్టి అదే పట్టుకుంటాడు. వాట్సాప్ చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఆ ఫోనునూ జాగ్రత్తగా పెట్టుకోండి, కోర్టులో ఎలక్ట్రానిక్ రికార్డుకి సర్టిఫికెట్ జతచేయాల్సి ఉంటుంది. కొత్త ఫోన్ కొన్నానని పాతది ఎక్స్చేంజిలో ఇచ్చేసినవాళ్ళు ఎంతమందో.

రంగు విషయం. దీని గురించి నోటీసులో మాట్లాడకుండా ఉండటం తెలివి అనుకుంటారు చాలామంది. నేనలా అనుకోను, ఎందుకంటే ఆయన జవాబులో మొదటి వాక్యం అదే అవుతుంది, ఆ మాట మీ నోటీసులోనే ముందు వస్తే మీకే బలం. మీలాంటి చిన్న యూనిట్లకు 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఒక మంచి నియమం పెట్టింది: సరుకు అందిన 15 రోజుల్లోగా కొన్నవాడు లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజే ఆమోదించినట్టు లెక్క. జూలై 18న అందింది కాబట్టి ఆ గడువు ఆగస్టు 2తో అయిపోయింది. ఆయన రంగు గురించి మొదటిసారి అన్నది అక్టోబరులో. ఆ మధ్యలో రెండు నెలలపాటు "వచ్చే వారం వేస్తాను" అని మెసేజ్‌లు పెట్టాడు, అవి ఒక్కొక్కటీ తేదీతో సహా రాయండి. ఇంకో పని చేయండి, హైదరాబాద్‌లో ఎవరైనా ఉంటే ఆ పచ్చడి ఒక పెట్టె కొనమనండి, బిల్లుతో సహా. మీ పెట్టెలోనే అమ్ముతుంటే, బాగోలేదని చెప్పిన సరుకును వాడుకుంటున్నాడన్నమాట. వస్తువుల విక్రయ చట్టం ప్రకారం కూడా సరుకును తిప్పిపంపకుండా, సహేతుకమైన సమయం దాటాక కూడా తన దగ్గరే ఉంచుకుంటే ఆమోదించినట్టే. నోటీసులో మాత్రం "రంగులో కొద్దిపాటి తేడా వచ్చినా" అనే ధోరణిలో ఒక్క మాట రాయకండి. మీరు మర్యాదకి రాసిన ఆ అరవాక్యం ఒప్పుకోలు అయిపోతుంది.

మీరు పదివేలు తగ్గిస్తానన్న మెసేజ్‌ను దాచకండి, అది ఆయన ఫోన్లో కూడా ఉంది కదా. "వెంటనే చెల్లిస్తే 10,000 తగ్గిస్తామని ఫలానా తేదీన తెలిపాము, మీరు చెల్లించనందున ఆ ప్రతిపాదన రద్దయింది" అని ఒక వాక్యం చాలు. లేకపోతే రంగు తప్పని ఒప్పుకునే తగ్గించారని ఆయన వాదిస్తాడు.

తర్వాత వడ్డీ, ఆడిటరు కళ్ళు ఆగేది ఇక్కడే. ఎంఎస్‌ఎంఈడీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం గడువు దాటిన బాకీకి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. కొనేవాడూ అమ్మేవాడూ వేరే రేటు రాసుకున్నా ఇదే చెల్లుతుంది. 2025 జూన్ నుంచి నవంబరు చివరి దాకా బ్యాంక్ రేటు 5.75 శాతం, మూడు రెట్లు అంటే 17.25 శాతం. 1,46,000కి మొదటి నెల వడ్డీ సుమారు 2,099 రూపాయలు, దాన్ని అసలుకు కలిపి రెండో నెల, అలా ఆగస్టు 18 నుంచి నవంబరు 17 వరకు మూడు నెలలకి మొత్తం 6,387 వస్తుంది. ఈ లెక్కను నోటీసులో నెలవారీగా చిన్న పట్టికలా చూపండి. "చట్టప్రకారం వర్తించే వడ్డీ" అని వదిలేస్తే ఎవరూ పట్టించుకోరు. మధ్యలో రిజర్వు బ్యాంకు రేటు మారితే ఆ తేదీ నుంచి కొత్త రేటుతో లెక్క వేయాలి.

ఈ వడ్డీ, కింద చెప్పే ఫెసిలిటేషన్ కౌన్సిల్ రెండూ మీ ఉద్యం మీద ఆధారపడి ఉన్నాయి, అందులో ఒక మెలిక ఉంది. ఆర్డరు తీసుకున్నాక రిజిస్టర్ చేసుకుంటే పాత లావాదేవీకి ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో చెప్పింది. అలాగే ఉద్యంలో మీరు తయారీ లేదా సేవల యూనిట్‌గా ఉండాలి. సరుకు కొని అమ్మే ట్రేడరుగా నమోదై ఉంటే ఈ ఆలస్య చెల్లింపు రక్షణ రాదు. మీది తయారీ కాబట్టి ఇబ్బంది ఉండకూడదు. ఒకవేళ తేదీ దెబ్బకొడితే 1978 నాటి వడ్డీ చట్టం ఉంది, బాకీదారుకు లిఖితపూర్వకంగా వడ్డీ అడిగి ఉంటే నోటీసులో చెప్పిన తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇవ్వొచ్చు. అంటే ఏ దారిలో వెళ్ళినా వడ్డీ అడగని నోటీసు వల్ల మీకు నష్టమే. మీ ఇన్‌వాయిస్ అడుగున అచ్చువేసిన "ఆలస్యమైతే 24 శాతం వడ్డీ" మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి, అవతలివాడు ఒప్పుకున్నట్టు సంతకం లేకపోతే దాన్ని ఒప్పందంగా చూపించడం కష్టం.

ఆడిటరు కోసమే రాసే పేరా ఇంకొకటి ఉంది. కొన్నవాడు ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్‌ను కట్టని మొత్తానికి తగినంత మేర వడ్డీతో సహా వెనక్కి కట్టాలి. జూలై 17 నుంచి లెక్కేస్తే 180 రోజులు 2026 జనవరి 13తో అయిపోతాయి, అంటే సంక్రాంతి ముందు. మీరు జూలై జీఎస్టీఆర్-1లో ఈ బిల్లు చూపించారు కదా, ఆ సంగతి రాసి, ఈ జనవరి 13 తేదీనీ రాయండి. దాంతోపాటు ఆదాయపు పన్నులో 43బీ(హెచ్) ఉంది: చిన్న యూనిట్లకు గడువు దాటిన బాకీని మార్చి 31 లోపు కట్టకపోతే ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి వీల్లేదు. పచ్చళ్ళాయనకు ఇవేవీ తెలియకపోవచ్చు, ఆయన ఆడిటరుకు బాగా తెలుసు. దీన్ని "జీఎస్టీ వాళ్ళకు పట్టిస్తాను" అనే బెదిరింపుగా రాయకండి, చట్టంలో ఉన్న తేదీని గుర్తుచేస్తున్నట్టు రెండు వాక్యాల్లో తేల్చేయండి.

గడువు ఎంత అని అడిగారు. ప్రైవేటు వ్యక్తి దగ్గర మామూలు బిల్లు బాకీకి ఇన్ని రోజులే ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు, అసలు నోటీసు ఇవ్వకుండా దావా వేసినా చెల్లుతుంది. ప్రభుత్వం మీద దావాకి రెండు నెలల ముందస్తు నోటీసు, చెక్కు బౌన్సుకి 15 రోజులు, ఇవి వేరే నియమాలు, వాటితో కలపకండి. మామూలుగా 15 రోజులు ఇస్తాం. కాకపోతే "ఈ నోటీసు అందిన 15 రోజుల్లోగా" అని నేను రాయను, క్యాలెండరు తేదీ వేస్తాను. అందిన రోజు ఎప్పుడన్నదే ఒక తగాదా, కవరు తీసుకోకుండా తప్పించుకునేవాడికి అదొక సాకు. నవంబరు 18న పంపితే పోస్టుకు నాలుగైదు రోజులు కలుపుకుని ఇలా రాయండి:

"కావున అసలు 1,46,000 రూపాయలు, 2025 నవంబరు 17 వరకు వడ్డీ 6,387 రూపాయలు, మొత్తం 1,52,387 రూపాయలను, ఆ తర్వాత చెల్లింపు రోజు వరకు అయ్యే వడ్డీతో సహా, 2025 డిసెంబరు 8 సోమవారం సాయంత్రం 5 గంటల లోపు ఈ కింది బ్యాంకు ఖాతాకు చెల్లించవలసిందిగా కోరుతున్నాము. చెల్లించని పక్షంలో మరో నోటీసు లేకుండా సూక్ష్మ, చిన్న పరిశ్రమల ఫెసిలిటేషన్ కౌన్సిల్‌ను ఆశ్రయిస్తాము, అందుకయ్యే ఖర్చులకు మీరే బాధ్యులు."

బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ నోటీసులోనే ఉండాలి. చెప్తే నవ్వుతారు గానీ, కట్టమని రాసి ఎక్కడ కట్టాలో రాయని నోటీసులు వారానికొకటి కనిపిస్తాయి. ఇక కౌన్సిల్ అని ఎందుకు రాశానంటే, సరుకు అమ్మినవాడు ఉన్న చోటే కౌన్సిల్‌కు అధికారం ఉంటుంది, కొన్నవాడు దేశంలో ఎక్కడున్నా సరే. అంటే మీరు హైదరాబాద్ తిరగక్కర్లేదు, ఆంధ్రప్రదేశ్ వైపు కౌన్సిల్‌కే ఆన్‌లైన్లో వేసుకోవచ్చు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే ఆర్బిట్రేషన్. చట్టంలో 90 రోజులని ఉన్నా వాస్తవంలో అంతకంటే ఎక్కువే పడుతుంది, ఆ సంగతి ముందే తెలుసుకోండి. కానీ అక్కడ వచ్చిన అవార్డును, అంటే తీర్పును, కోర్టులో సవాలు చేయాలంటే ఆయన ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఈ మాట కూడా ఆడిటరుకు అర్థమవుతుంది.

పంపడం. నోటీసు మీ లెటర్‌హెడ్ మీద మీరే పంపినా చెల్లుతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు. ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు కాబట్టి లాయరు ద్వారా పంపమంటాను. కాకపోతే లాయరు చేతికి పైన చెప్పిన తేదీలన్నీ ఒక పేజీలో రాసి ఇవ్వండి, లేకపోతే ఆయన పాత నోటీసులో పేర్లు మార్చి ఇచ్చేస్తారు. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు, కౌంటరులో డెలివరీ రుజువు కావాలని అడిగి తీసుకోండి. జీఎస్టీలో ఉన్న చిరునామాకు ఒకటి, సరుకు దించిన గోడౌనుకు ఒకటి, ప్రొప్రైటరు ఇల్లు తెలిస్తే దానికి ఒకటి, ఇంకా ఈమెయిల్, వాట్సాప్‌లో పీడీఎఫ్. డెలివరీ అయిన రోజే ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసుకోండి, ఆ వివరాలు ఎల్లకాలం సైట్లో ఉండవు. కవరు "రెఫ్యూజ్డ్" అనో "డోర్ లాక్డ్" అనో తిరిగొస్తే చింపకండి. అలాగే సీలుతో దాచండి, సరైన చిరునామాకు పంపిన కవరును తీసుకోనన్నా అందినట్టే భావించవచ్చు, ఆ మూసి ఉన్న కవరే మీ రుజువు.

నోటీసు అందాక చాలాసార్లు జరిగేది ఇదీ: రెండుమూడు రోజుల్లో ఫోన్ వస్తుంది, "ఏంటండీ, మన మధ్య ఈ నోటీసులేంటి, కూర్చుని మాట్లాడుకుందాం" అని. మాట్లాడండి, తప్పులేదు, కానీ ఒప్పుకున్నది ఏదైనా ఆయన సంతకంతో కాగితం మీదకు రావాలి. వాయిదాలు అడిగితే తేదీలు వేసిన చెక్కులు తీసుకోండి. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోగా విడిగా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి, ఇప్పుడిచ్చేది దానికి పనికిరాదు. డబ్బు ఖాతాలో పడకముందే "పూర్తిగా ముట్టింది" అని రాసివ్వకండి.

ఇంకో సంగతి, నోటీసు పంపినంత మాత్రాన లిమిటేషన్, అంటే దావా వేయడానికి ఉన్న కాలపరిమితి, ఆగదు. మీ బాకీకి గడువు తేదీ నుంచి 3 ఏళ్ళు, అంటే 2028 ఆగస్టు దాకా ఉంది, కంగారు లేదు, అలాగని ఏటా ఒక నోటీసు పంపుతూ కూర్చుంటే అది ముందుకు జరగదు. ఆయన సంతకం చేసిన ఒప్పుకోలు కాగితం ఉంటేనే ఆ తేదీ నుంచి మళ్ళీ 3 ఏళ్ళు మొదలవుతాయి, పైన కాగితం మీదకు తెమ్మన్నది అందుకూ పనికొస్తుంది.

ఉద్యం సర్టిఫికెట్ తీసి రెండు చూడండి: రిజిస్ట్రేషన్ తేదీ ఈ ఆర్డరు కంటే ముందుదేనా, కార్యకలాపం దగ్గర తయారీ అని ఉందా. ఆ రెండూ ఇక్కడ రాస్తే వడ్డీ పేరా ఏది పెట్టాలో చెప్తాను.